పాఠం వీడియో సైజు తగ్గాలి, ఒత్తులు మాత్రం కనపడాలి: ఓబీఎస్‌లో ఏం పెట్టాలి?

పద్మజ_ఎకో
నమస్కారం అందరికీ. డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. పవర్‌పాయింట్ స్లయిడ్లు పెట్టుకుని ఓబీఎస్‌లో రికార్డు చేసి, ఆ ఫైలు క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. స్లయిడ్లన్నీ తెలుగులోనే ఉంటాయి, మధ్యమధ్యలో గ్రాఫులు, పట్టికలు. నా ల్యాప్‌టాప్ తెర 1366x768. 45 నిమిషాల పాఠానికి ఫైలు దాదాపు 900 ఎంబీ వస్తోంది. పిల్లల్లో చాలామందికి రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. నా పాఠం ఒక్కటి దించుకుంటే ఆ రోజు డేటాలో సగానికి పైగా అయిపోతుంది.

480p చేసి బిట్‌రేట్ 300కి తగ్గిస్తే ఫైలు 150 ఎంబీకి వచ్చింది గానీ, "ద్రవ్యోల్బణం", "రాష్ట్ర ఆదాయం" లాంటి మాటల్లో ఒత్తులు ముద్ద కట్టేశాయి. సైజు ఆ 150 దాటకూడదు, అక్షరం మాత్రం చదవగలిగేలా ఉండాలి. అయ్యే పనేనా?

సాయి_టెక్
యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టేయండి మేడమ్. వాళ్లే 144p నుంచి అన్ని సైజులూ తయారు చేస్తారు. గూగుల్ డ్రైవ్ నిండిపోయే గొడవ కూడా ఉండదు.

పద్మజ_ఎకో
డ్రైవ్ సమస్య కాదండీ. కొంతమంది పిల్లలు కాలేజీ వైఫైలో దించుకుని ఇంటికెళ్లి చూస్తారు. ఊళ్లో సిగ్నల్ సరిగా రాదు. కాబట్టి ఫైలే ఇవ్వాలి.

రవి_నెల్లూరు
చాలా సింపుల్. ఇప్పుడు 30 ఎఫ్‌పీఎస్‌లో ఉండి ఉంటుంది, దాన్ని 15 చేయండి, సైజు సగం అవుతుంది. 10 చేస్తే మూడో వంతు. స్లయిడ్లకు అంతకన్నా అక్కర్లేదు. రిజల్యూషన్ 1080p పెట్టండి, ఎంత పెద్దదైతే అక్షరం అంత క్లియర్‌గా ఉంటుంది.

వీరేశం
రవి గారూ, స్లయిడ్లకు 10 ఎఫ్‌పీఎస్ చాలన్నది నిజమే. సైజు సగం అవుతుందన్నది మాత్రం మేడమ్ విషయంలో జరగదు. లెక్క చూడండి. 45 నిమిషాలంటే 2700 సెకన్లు. సెకనుకు 2500 కిలోబిట్లు చొప్పున వేస్తే 844 ఎంబీ. ఆడియో 160 పెడితే ఇంకో 54. మొత్తం 900. మేడమ్ చెప్పిన సైజు సరిగ్గా ఇదే. అంటే ఓబీఎస్ 2500 బిట్‌రేట్‌తో `CBR`లో రికార్డు చేస్తోంది. `Simple` మోడ్‌లో `Recording Quality` దగ్గర `Same as stream` ఉండి ఉంటుంది, చూడండి మేడమ్.

`CBR` అంటే తెర మీద ఏమున్నా, ఏమీ కదలకపోయినా సెకనుకు 2500 రాసి తీరుతుంది. అవసరం లేకపోతే ఉత్త డేటాతో నింపుతుంది. అక్కడ ఎఫ్‌పీఎస్ 10 చేసినా, 5 చేసినా ఫైలు అదే 900 ఎంబీ వస్తుంది. ఒక్కో ఫ్రేముకు వాటా పెరుగుతుంది, అంతే.

ముందు తీసేయాల్సింది ఆ `CBR`ని. దాని బదులు `CRF` పెడితే బిట్‌రేట్ మనం చెప్పం, నాణ్యత చెబుతాం. స్లయిడ్ మారినప్పుడు ఎంత కావాలో అంత తీసుకుంటుంది. మీరు ఐదు నిమిషాలు అదే స్లయిడ్ మీద మాట్లాడుతుంటే దాదాపు ఏమీ రాయదు.

పద్మజ_ఎకో
అవునండీ, `Same as stream` అనే ఉంది. కానీ 300 పెట్టినప్పుడు అక్షరాలు పాడైంది బిట్‌రేట్ వల్లా, 480p వల్లా? రెండూ ఒకేసారి మార్చాను కాబట్టి నాకు తెలియలేదు.

వీరేశం
మంచి ప్రశ్న. కళ్లతోనే పట్టుకోవచ్చు. ఆ 300 ఫైలు తెరిచి, స్లయిడ్ మారే చోట చూడండి. మారగానే మసకగా వచ్చి ఒకటి రెండు సెకన్లలో తేరుకుంటే తప్పు బిట్‌రేట్‌ది. ఎంతసేపు చూసినా అదే ముద్దగా ఉంటే తప్పు రిజల్యూషన్‌ది, బిట్‌రేట్ ఎంత పోసినా బాగుపడదు.

పద్మజ_ఎకో
రెండూ ఉన్నాయి! మారగానే అలుక్కుపోయినట్టు వస్తుంది, తర్వాత కాస్త తేరుకుంటుంది. కానీ ఒత్తులు చివరిదాకా స్పష్టంగా రావు.

వీరేశం
అయితే రిజల్యూషన్ సంగతి ముందు చూద్దాం. పవర్‌పాయింట్ వెడల్పు స్లయిడ్ ఎత్తు 540 పాయింట్లు. మీ అక్షరం సైజును వీడియో ఎత్తుతో గుణించి 540తో భాగిస్తే, వీడియోలో ఆ అక్షరానికి ఎన్ని పిక్సెళ్ల ఎత్తు దక్కుతుందో వస్తుంది. 24 సైజు అక్షరానికి 480pలో 21 పిక్సెళ్లు. అందులోనే గుణింతం, తలకట్టు, అసలు అక్షరం, కింద ఒత్తు అన్నీ సర్దుకోవాలి. ఒత్తు వాటాకు ఆరో ఏడో పిక్సెళ్లు వస్తాయి. "ష్ట్ర"లో ట ఒత్తు, ర ఒత్తు రెండూ ఉంటాయి కదా, అవి ఆ ఆరేడు పిక్సెళ్లలో ఇరుక్కుంటాయి. ఇంగ్లిష్ అక్షరాలకు ఈ బాధ లేదు, అందుకే ఇంగ్లిష్ ట్యుటోరియళ్లలో "480p చాలు" అంటారు. 720pలో అదే 24 సైజుకు 32 పిక్సెళ్లు వస్తాయి, ఒత్తుకు పదిదాకా దక్కుతాయి. అప్పుడు చదవొచ్చు.

ఇంకో చిక్కు ఉంది. మీ తెర 1366x768. దాన్ని 1280x720కి కుదిస్తే ప్రతి గీతా పక్క పిక్సెల్‌తో కలిసి కొంచెం మసకబారుతుంది. అందుకని రికార్డింగ్ మొదలుపెట్టే ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో తెరనే 1280x720 చేయండి. ల్యాప్‌టాప్ మీద మీకు కాస్త మసకగా అనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి, ఫైల్లో మాత్రం అక్షరం పిక్సెల్‌కు పిక్సెల్ దిగుతుంది. ఓబీఎస్‌లో `Base (Canvas) Resolution`, `Output (Scaled) Resolution` రెండూ 1280x720 ఉండాలి. రెండు అంకెలూ ఒకటే అయితే ఓబీఎస్ దేన్నీ కుదించదు.

రవి గారు 1080p అన్నారు గానీ, 768 గీతలున్న తెర నుంచి 1080 తీస్తే కొత్త వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉన్నదాన్నే సాగదీసినట్టు అవుతుంది.

రవి_నెల్లూరు
ఆమె తెర సంగతి సరే. నాది 1080p తెర, నేను 1080pలోనే చేస్తాను, తేడా కంటికి కనిపిస్తుంది. ఇంకోటి, హెచ్.265 పెడితే అదే నాణ్యతకు సైజు సగం అంటారు. అది ఎందుకు చెప్పరు మీరు?

వీరేశం
మీ తెర 1080 అయితే 1080 పెట్టుకోవచ్చు, నేనేం కాదనను. `CRF`లో స్లయిడ్లకు సైజు మరీ రెట్టింపు కూడా కాదు. హెచ్.265 దగ్గరే నాకు అభ్యంతరం. పాత ఫోన్లలో, కొన్ని బ్రౌజర్లలో తెరుచుకోదు, లేదా ధ్వని వస్తుంది గానీ బొమ్మ రాదు. మేడమ్ పిల్లల చేతుల్లో ఏ ఫోన్లు ఉన్నాయో మనకు తెలియదు. స్లయిడ్ల పాఠంలో వీడియో భాగమే ముప్పై నలభై ఎంబీకి వచ్చేశాక, అందులో ఇంకో పది పదిహేను మిగుల్చుకోవడం కోసం నలుగురు పిల్లలకు పాఠమే తెరుచుకోకుండా చేయడం ఎందుకు?

లెక్కల_మాస్టారు
నేనూ అడుగుదామనుకున్నాను. నాది బ్లాక్‌బోర్డు. ఫోను ట్రైపాడ్ మీద పెట్టి తీస్తాను. పీరియడ్ అయ్యేసరికి ఐదు జీబీ పైన అవుతోంది. మీరు చెప్పిన 720p, 10 ఎఫ్‌పీఎస్ పెడితే సరిపోతుందా?

వీరేశం
సార్, మీది వేరే సమస్య, మేడమ్ పని తేలాక మీ దగ్గరికి వస్తాను.

మేడమ్, ఇవి పెట్టండి. `Settings`లో `Output`కి వెళ్లి, పైన `Output Mode` `Advanced` చేసి, `Recording` ట్యాబ్‌లో:

```
Encoder:            x264
Rate Control:       CRF
CRF:                24
Keyframe Interval:  10 s
CPU Usage Preset:   medium
```

`Video` పేజీలో `Integer FPS Value` ఎంచుకుని 10 పెట్టండి. `Audio` పేజీలో `Channels` `Mono`, `Output`లోని ఆడియో ట్యాబ్‌లో బిట్‌రేట్ 64. ఒక్కరి గొంతుకు స్టీరియో ఎందుకు చెప్పండి? 64 అంటే 45 నిమిషాలకు 22 ఎంబీ. ఇప్పుడున్న 160కి 54 పోతోంది. వీడియో ఇంత చిన్నదయ్యాక ఆడియో వాటా లెక్కలోకి వస్తుంది.

మామూలుగా అందరూ `veryfast` పెడతారు, నేను `medium` అన్నాను. సెకనుకు 30 ఫ్రేములైతే చిన్న ల్యాప్‌టాప్ తట్టుకోలేకపోవచ్చు. 10 ఫ్రేములే కాబట్టి ప్రాసెసర్‌కు తీరిక ఉంటుంది, అదే నాణ్యతకు ఇంకాస్త చిన్న ఫైలు ఇస్తుంది. 10 ఎఫ్‌పీఎస్ వల్ల అసలు లాభం ఇదే.

`Keyframe Interval` మాత్రం మర్చిపోవద్దు. కీఫ్రేమ్ అంటే ప్రతిసారీ స్లయిడ్ మొత్తాన్ని మళ్లీ మొదటినుంచి రాయడం. అక్షరాలు నిండిన 720p స్లయిడ్‌కు ఒక్కోటి 50 కేబీ అనుకోండి. స్ట్రీమింగ్ అలవాటు కొద్దీ 2 సెకన్లు పెడితే 45 నిమిషాల్లో 1350 సార్లు, అంటే 67 ఎంబీ కేవలం కదలని బొమ్మను మళ్లీ మళ్లీ రాయడానికే. 10 సెకన్లు పెడితే పదమూడున్నర. మరీ పెంచి 60 పెడితే ఇంకా తగ్గుతుంది గానీ, పిల్లలు ముందుకు జరిపినప్పుడు వాళ్లు తాకిన చోట ఆగదు, నిమిషం వెనక్కో ముందుకో పోతుంది.

తంగేడు
నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా సార్లవి ఇలాంటి వీడియోలే చూస్తాం కాబట్టి చూసేవాళ్ల వైపు నుంచి ఒక మాట. మేం చాలామందిమి ఫోను నిలువుగా పట్టుకునే చూస్తాం, బస్సులో అయితే మరీను. అప్పుడు వీడియో చిన్న పట్టీలా ఉంటుంది. నా ఫోను తెర వెడల్పు 720 పిక్సెళ్లు, కాబట్టి మీరు 720p ఇచ్చినా నాకు కనిపించేది 720x405. మీ లెక్క ప్రకారమే 24 సైజు అక్షరం 18 పిక్సెళ్లు. మీ సెట్టింగ్స్ కంటే ముందు అక్షరం సైజు పెంచితే మాకు మేలు.

వీరేశం
తంగేడు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. నిలువు ఫోనుకు 32 సైజు ఉండాలి. 405 ఎత్తులో అది 24 పిక్సెళ్లు అవుతుంది.

పద్మజ_ఎకో
32 పెడితే పట్టికలు పట్టవండీ. తలసరి ఆదాయం పట్టికలో ఆరు నిలువు వరుసలు ఉంటాయి. పిల్లలను ఫోను అడ్డంగా తిప్పమనడమే తేలిక కదా?

తంగేడు
చెప్పండి మేడమ్, తిప్పేవాళ్లు తిప్పుతారు :) పట్టిక మాత్రం ఫొటోగా విడిగా పంపితే వేళ్లతో జూమ్ చేసుకుంటాం. వీడియోలో పట్టిక ఎవరూ చదవరు, మీరు ఏ వరుస గురించి చెబుతున్నారో చూస్తారు.

లెక్కల_మాస్టారు
నా సంగతి?

వీరేశం
వస్తున్నా సార్. ఫోన్లు 1080pలో సెకనుకు 15 నుంచి 20 మెగాబిట్ల దాకా రాస్తాయి. 17 అనుకుంటే 45 నిమిషాలకు 5.7 జీబీ. మీకు వస్తున్నది అదే. ఫోను దగ్గర తగ్గించే ప్రయత్నం చేయకండి, తీశాక కంప్యూటర్‌లో తగ్గించండి.

స్లయిడ్లకూ బోర్డుకూ తేడా ఏమిటంటే, స్లయిడ్లో కదలనిది నిజంగా కదలదు. కెమెరా బొమ్మలో ఖాళీ బోర్డు కూడా కదులుతుంటుంది. వెలుతురు చాలని గదిలో సెన్సర్ నుంచి వచ్చే గరుకుదనం ప్రతి ఫ్రేములోనూ మారుతుంది. ఎన్‌కోడర్‌కు అది గరుకో, సుద్దగీతో తెలియదు, రెండింటికీ బిట్లు ఖర్చు పెడుతుంది. అందుకే బోర్డు మీద ఇంకో ట్యూబ్‌లైట్ వేసినా సైజు తగ్గుతుంది. ఫోన్ తెరమీద బోర్డును నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి. లేకపోతే మీరు అటూ ఇటూ నడిచినప్పుడల్లా బోర్డు మొత్తం ముదురూ లేతా అవుతుంది, అప్పుడు ప్రతి పిక్సెలూ మారినట్టే లెక్క.

10 ఎఫ్‌పీఎస్ మీకు పనికిరాదు. చెయ్యి రాస్తుంటే గెంతుతున్నట్టు ఉంటుంది, సుద్దముక్క ఎటు తిరిగిందో తెలియదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కెమెరా యాప్‌లో 25 ఎఫ్‌పీఎస్ ఉంటే అది పెట్టండి. లేకపోతే 30 ఉంచి, యాంటీ ఫ్లికర్ దగ్గర 50 హెర్ట్జ్ ఎంచుకోండి. వీడియోలో బోర్డు మీద చారలు పాకుతుంటే ఇది తప్పిందని అర్థం. ఆ చారలు కూడా సైజు తింటాయి.

రిజల్యూషన్ 1080 దగ్గరే ఉంచండి. బోర్డు పూర్తి వెడల్పు ఫ్రేములో పడితే, ఘాతాంకాలు, సబ్‌స్క్రిప్టులు 720లో పోతాయి. తగ్గించడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో ఈ కమాండ్, అంతా ఒకే లైనులో:

```
ffmpeg -i class.mp4 -vf "hqdn3d=3:2:4:4,fps=25" -c:v libx264 -preset slow -crf 26 -maxrate 1000k -bufsize 3000k -pix_fmt yuv420p -c:a aac -b:a 64k -ac 1 -movflags +faststart out.mp4
```

`hqdn3d` ఆ గరుకును కాస్త నునుపు చేస్తుంది. అంకెలు పెంచితే సన్నని సుద్దగీతలు కూడా చెరిగిపోతాయి, అందుకే తక్కువే పెట్టాను. `maxrate` 1000 కాబట్టి 45 నిమిషాలకు వీడియో ఎంత పోయినా 340 ఎంబీ చుట్టూ ఆగుతుంది. 150 మాత్రం ఆశించకండి, కెమెరా వీడియో అంత తగ్గదు.

లెక్కల_మాస్టారు
340 అయితే పర్వాలేదు. ఐదు జీబీ ముందు అదెంత. ఫోన్లో ఫైలు రెండు ముక్కలుగా వస్తోంది, అది నా తప్పేమో అనుకుంటున్నాను.

రవి_నెల్లూరు
అది మీ తప్పు కాదు సార్, మెమరీ కార్డు ఎఫ్ఏటీ32 ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి ఫోనే విరగ్గొడుతుంది.

వీరేశం
కరెక్ట్ రవి గారూ.

పద్మజ_ఎకో
నిన్నటి పాఠం మీరు చెప్పినట్టు చేశాను. 44 నిమిషాలకు 59 ఎంబీ! ఒత్తులన్నీ చక్కగా ఉన్నాయి, "ద్రవ్యోల్బణం" ఫోన్లో కూడా చదవగలిగాను. కానీ రెండు విషయాలు. ఒకటి, నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలతో ఉన్న శీర్షిక మాత్రం అంచుల్లో పాకినట్టుంది. `CRF` 18కి తగ్గించి నాణ్యత పెంచినా అలాగే ఉంది. రెండోది, అంతకుముందు పాఠంలో మధ్యలో రెండు నిమిషాల న్యూస్ క్లిప్ పెట్టాను, అది జర్కులు జర్కులుగా వచ్చింది.

వీరేశం
ఎరుపు, నీలం సంగతి: మీ ఫైలు లాంటి 4:2:0 వీడియోలో వెలుతురు వివరం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది గానీ, రంగు వివరం నాలుగు పిక్సెళ్లకు ఒకటే. ఎరుపూ నీలమూ వెలుతురులో దగ్గరగా ఉంటాయి, తేడా అంతా రంగులోనే. అందుకని అంచు కరుగుతుంది, బిట్‌రేట్ ఎంత పెంచినా అంతే. 4:4:4 అనేది ఉంది, దానితో పోతుంది గానీ చాలా ఫోన్లలో ఆడదు. స్లయిడ్ రంగు మార్చడమే దారి. తెలుపు మీద ముదురు నీలం, లేదా ముదురు మీద లేత పసుపు పెట్టండి.

క్లిప్ విషయంలో 10 ఎఫ్‌పీఎస్‌తో జర్కులు తప్పవు. అలాంటి పాఠాలకు 25 పెట్టుకోండి. `CRF`లో ఉన్నారు కాబట్టి కదలని స్లయిడ్ల దగ్గర ఎఫ్‌పీఎస్ పెంచినా పెద్దగా పెరగదు, పెరిగేది ఆ రెండు నిమిషాలే. లేదా క్లిప్‌ను విడిగా పంపేయండి. అలాగే స్లయిడ్ల మధ్య ఫేడ్, ఫ్లై ఇన్ లాంటివి ఉంటే తీసేయండి, ఆ అర సెకనులో తెర మొత్తం మారుతుంది.

ఇంకోటి, గ్రూపులో పెట్టేటప్పుడు గ్యాలరీ నుంచి వీడియోగా పంపుతున్నారా, డాక్యుమెంట్‌గానా? వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది, మీరు ఇంత కష్టపడి నిలబెట్టిన ఒత్తులు అక్కడ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు పోతుంది, 2 జీబీ దాకా.

పద్మజ_ఎకో
వీడియోగానే పంపుతున్నాను! ఇవాళ్టి నుంచి డాక్యుమెంటే. పాత పాఠాలు పదిహేను దాకా 900 ఎంబీవి ఉన్నాయి, వాటిని చిన్నవి చేయొచ్చా?

వీరేశం
చేయొచ్చు. లెక్కల సారుకు ఇచ్చిన కమాండ్‌లోంచి `hqdn3d`, `maxrate`, `bufsize` తీసేసి, `fps=10` పెట్టి, `-g 100` కలపండి. కీఫ్రేమ్ 10 సెకన్లకు ఒకసారి రావడానికి ఆ 100. సైజు బాగా తగ్గుతుంది. కానీ అవి 1366x768 తెర నుంచి కుదించి రికార్డు చేసినవైతే, ఆ మసక ఫైల్లో ముద్ర పడిపోయింది, అది పోదు. ఏవి ఎక్కువగా చూస్తారో అవి మళ్లీ రికార్డు చేసుకోవడం మేలు.

సాయి_టెక్
ముఖం కూడా కనిపించాలంటే? మా మేనేజ్‌మెంట్ వాళ్లు మూలన వెబ్‌క్యామ్ తప్పనిసరి అంటున్నారు.

వీరేశం
అదే అన్నిటికన్నా ఖరీదైన మూల. స్లయిడ్ కదలకపోయినా ముఖం కదులుతూనే ఉంటుంది, దానికి తోడు వెనక గోడ గరుకు. నా దగ్గర అలా ఉన్న ఫైళ్లు స్లయిడ్లు మాత్రమే ఉన్నవాటికంటే రెండు మూడు రెట్లు వచ్చాయి. చిన్నగా పెట్టి, ముఖం మీద వెలుతురు వేసి, వెనక సాదా గోడ ఉంచండి. మొదటి రెండు నిమిషాలు చూపించి తీసేసినా మేనేజ్‌మెంట్ ఒప్పుకుంటుందేమో అడగండి.

రవి_నెల్లూరు
ముఖం కనిపిస్తేనే పిల్లలు వింటారని మా ప్రిన్సిపాల్ అంటారు. నాకైతే నమ్మకం లేదు.

తంగేడు
మేం స్లయిడ్ చూస్తాం అన్నా. ముఖం స్లయిడ్ కింది లైన్ మీద పడితే తిట్టుకుంటాం కూడా. మూలన పెట్టేట్టయితే ఆ మూలన స్లయిడ్లో ఏమీ రాయకుండా ఖాళీ వదలమని చెప్పండి.

లెక్కల_మాస్టారు
ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడుస్తోంది, గంటకు పైగా అయింది, ఇంకా 60 శాతంలోనే ఉంది. ఇది మామూలేనా?

వీరేశం
1080p, `slow` ప్రీసెట్, దానికి తోడు `hqdn3d`, పాత కంప్యూటర్ అయితే మామూలే సార్. రాత్రి పెట్టి పడుకోండి. అంత ఆగలేకపోతే `slow` బదులు `veryfast` పెట్టండి, త్వరగా అవుతుంది. సైజు కొంత పెరుగుతుంది, లేదా `maxrate` తగిలే చోట రాత కాస్త మెత్తబడుతుంది. ఒక పది నిమిషాల ముక్క రెండు రకాలుగానూ చేసి, బోర్డు మీద మీరు రాసే అతి చిన్న అంకె చదవగలుగుతున్నారో లేదో ఫోన్లో చూసి చెప్పండి.